ఆకుపచ్చ వైరు ఉంది... ఎర్త్ ఉందా?

ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇంతవరకు చాలామందికి తెలుసు. అయితే గోడ వెనక ఆ రంగులు చెప్పే మాట ఎంతవరకు నిజం? గుంటూరులోని ఒక పాత డాబాలో గీజరు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ వెంట తిరిగితే తెలిసిన సంగతులివి.

పాతికేళ్ల కిందట కట్టిన ఇల్లు అది. పాత గీజరు కారుతోందని దించేశారు. కొత్తది అట్టపెట్టెలో సిద్ధంగా ఉంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు మెయిన్ ఆపి, బాత్రూములో సాకెట్టు ప్లేటు మరలు విప్పి ముందుకు లాగాడు. లోపల మూడే వైర్లు. ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు కన్నానికి ఎరుపు, ఎడమవైపు నలుపు, పైనున్న పెద్ద కన్నానికి ఆకుపచ్చ. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టున్నాయి.

ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. తలుపు దగ్గర్నుంచి తొంగి చూసి, "అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా అబ్బాయ్, బిగించెయ్" అన్నారు.

"ఉండండి మాస్టారూ, రంగు చూసి బిగిస్తే ఎట్లా?" అంటూ అతను సంచీలోంచి మీటరు తీశాడు.

అరగంటకు తేలిందేమిటంటే, ఆ ఆకుపచ్చ వైరు భూమిలోకి పోవడమే లేదు. ఆ ఇంట్లో ఏ ఆకుపచ్చ వైరూ పోవడం లేదు. మేడ మీది గదిలో అంతకంటే పెద్ద తిరకాసు ఉంది. అక్కడికి తర్వాత వద్దాం.

రంగుల లెక్క

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. సింగిల్ ఫేజు ఇంటికి స్తంభం నుంచి రెండు వైర్లు వస్తాయి. ఒకటి ఫేజు, దాన్నే లైవ్ అంటారు. రెండోది న్యూట్రల్. ఈ న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే భూమికి కలిపి ఉంచుతారు. అందుకే భూమితో పోలిస్తే దాని మీద వోల్టేజి దాదాపు ఉండదు. మూడోది ఎర్త్. ఇది మన ఇంటి ఆవరణలో గొయ్యి తీసి పాతిన పైపు నుంచో ప్లేటు నుంచో వస్తుంది. మామూలు రోజుల్లో దీంట్లో కరెంటు పారదు. పరికరం లోపల ఫేజు వైరు ఊడి రేకు బాడీకి తగిలినప్పుడు మాత్రమే దీనికి పని పడుతుంది.

మన దేశంలో ఇంటి వైరింగ్‌కు వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ లేదా ఆకుపచ్చ మీద పసుపు చార. త్రీ ఫేజు కనెక్షన్ ఉంటే మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మాస్టారి కొత్త గీజరు తీగలో ఉన్నవి గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు. అది అంతర్జాతీయ పద్ధతి. అందులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. అంటే త్రీ ఫేజు ఇంట్లో గోడలోంచి వచ్చే నీలం వైరు షాక్ కొట్టే ఫేజు, అదే ఇంట్లో గీజరు తీగలోని నీలం న్యూట్రల్. నీలానికి నీలం కలిపితే సరిపోతుందనుకునేవాడి చేతిలో ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నలుపుది ఇంకో కథ. మన దగ్గర నలుపు న్యూట్రల్. అమెరికా ఇళ్లలో నల్ల వైరే ఫేజు, తెల్లది న్యూట్రల్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని, ఇక్కడి అలవాటుతో స్విచ్‌బోర్డు విప్పే మనవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. మనం ఎరుపు-నలుపు అలవాటు తెచ్చుకున్న బ్రిటన్ కూడా వాటిని వదిలేసింది. ఇళ్ల వైరింగ్‌లో 2004లో గోధుమ-నీలం రంగులకు మారడం మొదలుపెట్టి, 2006 ఏప్రిల్ నుంచి కొత్త పనులకు అవే తప్పనిసరి చేసింది. జర్మనీలో అయితే ఒకప్పుడు ఎర్త్ వైరుకు ఎరుపే వాడేవారు. ఆకుపచ్చకు పసుపు చార చేర్చడానికి కారణం కూడా ఆలోచించదగ్గదే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపు కొందరికి పుట్టుకతో ఉంటుంది. చార ఉంటే రంగు తెలియకపోయినా వైరు తెలుస్తుంది.

కాబట్టి రంగు అనేది ఒక ఒప్పందం. ఏ దేశంలో, ఏ ఏడాది, ఎవరు లాగారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. ఒప్పందాన్ని పాటించారో లేదో రంగును చూసి చెప్పలేం.

కాయిల్ అయిపోతే...

ఎందుకు పాటించరు? కారణం చాలాసార్లు బద్ధకం కూడా కాదు, లెక్క. ఇంటి వైరు మన షాపుల్లో 90 మీటర్ల కాయిల్‌గా అమ్ముతారు. ఎరుపు కాయిల్ చివరి గదికి పదిహేను మీటర్లు తక్కువైంది. కొత్త కాయిల్ కొనమంటే ఇంటాయన మొహం మాడ్చుకుంటాడు. మూల ఆకుపచ్చ ముక్క ఇరవై మీటర్లు మిగిలి ఉంది. గోడలోకి పోయాక రంగెవడు చూస్తాడులే అని అదే లాగేస్తారు. ఆ గదిలో ఆకుపచ్చే ఫేజు. లాగినవాడికి ఆ సంగతి తెలుసు. అతను ఊరు మారాక ఎవరికీ తెలియదు.

స్విచ్ నుంచి లైటుకు పోయే వైరుదీ ఇదే తంతు. దాని పని ఫేజును మోయడం, కానీ స్విచ్ వేసినప్పుడే. దానికి పసుపో నీలమో తెలుపో, చేతికి ఏది అందితే అది వాడతారు. కొన్నిచోట్ల నలుపు కూడా కనిపిస్తుంది. మెట్ల దగ్గర పైనుంచీ కిందనుంచీ వేసే టూవే స్విచ్‌ల మధ్య నడిచే రెండు వైర్లలో, స్విచ్ ఎటు నొక్కి ఉందన్నదాన్ని బట్టి ఒకదాంట్లో కరెంటు ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఇంకోసారి నొక్కితే తారుమారు. అలాంటి వైరుకు ఏ రంగు వేసి ఏం లాభం?

కొన్నిసార్లు ఇంట్లో రంగులన్నీ సరిగానే ఉండి, బయట తప్పుతుంది. గాలివానకు సర్వీసు వైరు తెగింది, స్తంభం దగ్గర తిరిగి కలిపేటప్పుడు రెండూ తారుమారయ్యాయి. ఆ క్షణం నుంచి ఇంట్లోని నల్ల వైర్లన్నీ ఫేజులే. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు. స్విచ్‌లన్నీ ఇప్పుడు న్యూట్రల్‌ను ఆపుతున్నాయి కాబట్టి, లైటు ఆపి బల్బు మార్చబోయినవాడి వేలు హోల్డర్‌లోకి పోతే అక్కడ 230 వోల్టులు ఉంటాయి. ఆపేసిన ఎల్‌ఈడీ బల్బు రాత్రిపూట మినుకుమినుకుమంటుంటే అనుమానించాల్సిన కారణాల్లో ఇదొకటి. పక్కపక్కనే నడిచే వైర్ల ప్రభావం వల్ల కూడా అలా వెలగొచ్చు. అందుకే అనుమానం అన్నాను, రుజువు అనలేదు.

మీటరు ఏం చెప్పింది?

మాస్టారింటికి వద్దాం. కుర్రాడు వైర్లు దేనికీ తగలకుండా విడదీసి, మెయిన్ మళ్లీ వేశాడు. మీటరును ఏసీ వోల్టేజికి తిప్పి, ముందుగా హాల్లో ఫ్యాన్ నడుస్తున్న బోర్డులోని సాకెట్టులో పెట్టి చూశాడు. 231 చూపించింది. మీటరు పనిచేస్తోందని తేలాకే గీజరు సాకెట్టు దగ్గరికి వచ్చాడు. ఎరుపు-నలుపు మధ్య 231. బాగుంది. ఎరుపు-ఆకుపచ్చ మధ్య 104. నలుపు-ఆకుపచ్చ మధ్య 88. చూస్తుండగానే అంకెలు అటూ ఇటూ ఊగుతున్నాయి.

మూడు వైర్లు ఉన్నచోట కొలతలూ మూడు తీయాలి. అంతా సవ్యంగా ఉంటే రెండు కొలతలు 230కి దగ్గరగా, ఒకటి సున్నాకు దగ్గరగా రావాలి. సున్నాకు దగ్గరగా వచ్చిన జంటలో లేని వైరే ఫేజు. మాస్టారింట్లో సున్నా దగ్గరకు వచ్చిన జంటే లేదు. ఆకుపచ్చ వైరు ఎటూ కాకుండా గాల్లో వేలాడుతోందన్నమాట. దేనికీ కలవని వైరు, ఒకే పైపులో ఫేజు వైరు పక్కన మీటర్ల కొద్దీ నడిస్తే దాని మీద కొంత వోల్టేజి పుడుతుంది. దాని వెనక బలం ఉండదు. డిజిటల్ మీటరు మాత్రం చాలా కొద్ది కరెంటుతోనే పనిచేస్తుంది కాబట్టి ఆ ఉత్తుత్తి వోల్టేజిని కూడా అంకెగా చూపిస్తుంది.

దీన్ని తేల్చడానికి పాతకాలపు టెస్ట్ ల్యాంపే మేలు. హోల్డర్‌కు రెండు వైర్లు బిగించి, 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెడితే అదే టెస్ట్ ల్యాంపు. ఎల్‌ఈడీ పెడితే కాస్త లీకేజికే వెలిగి మోసం చేస్తుంది. ఎరుపు-నలుపు మధ్య పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఎరుపు-ఆకుపచ్చ మధ్య పెడితే చీకటి.

ఈ పరీక్ష చేసే ముందు అతను ఇల్లంతా తిరిగి ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మిక్సీ అన్నిటి ప్లగ్గులూ పీకించాడు. ఎందుకో మాస్టారికి అర్థం కాలేదు. "ఎర్త్ తెగి ఉందనుకోండి మాస్టారూ. నేను ఇక్కడ ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య బల్బు పెడితే, బల్బులోంచి కరెంటు ఆకుపచ్చలోకి వస్తుంది. భూమిలోకి పోయే దారి లేదుగా! అక్కడ ఫ్రిజ్ తలుపు పట్టుకున్న అమ్మగారిలోంచి పోద్ది" అన్నాడు. యూట్యూబ్‌లో చూసి బల్బుతో ఎర్త్ పరీక్షించేవాళ్లు వదిలేసే మెట్టు ఇదే. ఇది ఇంటివాళ్లు చేసే పని కాదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

టెస్టర్ సంగతేంటని అడగొచ్చు. ప్రతి ఇంట్లో స్క్రూడ్రైవర్ లాంటి నియాన్ టెస్టర్ ఉంటుంది. దాంట్లో చిన్న నియాన్ దీపం, దాని ముందు దాదాపు పది లక్షల ఓముల రెసిస్టరు ఉంటాయి. మన వేలి గుండా, ఒంటి గుండా నేలకు పోయే అతి కొద్ది కరెంటుతో అది వెలుగుతుంది. ఫేజును వెతకడానికి పనికొస్తుంది కానీ దాని మాటకు హద్దులున్నాయి. ఎండ పడుతున్నచోట వెలుగు కనపడదు. పొడి చెక్క బల్ల మీద నిలబడి పెడితే మసకగా వెలిగి, లేదనుకునేలా చేస్తుంది. గాల్లో వేలాడే వైరు మీది ఉత్తుత్తి వోల్టేజికీ కాస్త వెలుగుతుంది. ఎర్త్ వైరును, న్యూట్రల్‌ను, ఏమీ లేని వైరును అది విడదీసి చెప్పలేదు. మూడింటికీ దాని జవాబు ఒకటే, వెలగకపోవడం.

టెస్టర్ గట్టిగా పనికొచ్చే సందర్భం ఇంకొకటుంది. సాకెట్టు రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది, అయినా ఏ పరికరమూ పనిచేయడం లేదు. అలాంటప్పుడు న్యూట్రల్ ఎక్కడో తెగిందని దాదాపు ఖాయం. ఆ సర్క్యూట్‌లో ఎక్కడో స్విచ్ వేసి ఉన్న ఫ్యాను గుండానో బల్బు గుండానో ఫేజు నల్ల వైరులోకి వచ్చి, వెనక్కు పోయే దారిలేక అక్కడే ఆగి ఉంటుంది. ఆ నల్ల వైరు ముట్టుకుంటే ఎర్ర వైరు ముట్టుకున్నట్టే షాక్ కొడుతుంది. రంగు నలుపే, బిగించిన చోటూ న్యూట్రల్‌దే. అయినా చంపేస్తుంది.

ఒకదానికొకటి కలిసి, దేనికీ కలవక

ఆకుపచ్చ వైరు రెండో కొస వెతుక్కుంటూ మెట్ల కింద ఉన్న డీబీ దగ్గరికి వెళ్లాం. మూత తీస్తే అసలు విషయం బయటపడింది. ఇంట్లోని సాకెట్ల నుంచి వచ్చిన ఆకుపచ్చ వైర్లన్నీ ఒక గుత్తిగా మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి మూలకు నెట్టేశారు. ఆ గుత్తి నుంచి ఎర్త్ గొయ్యికి పోయే వైరు లేదు. పాతరోజుల్లో మెయిన్ బోర్డు వరండాలో చెక్క మీద ఉండేది. ఫ్యూజులు తీసేసి ఎంసీబీలు పెట్టించినప్పుడు డీబీని లోపలికి మార్చారు. గొయ్యి నుంచి వచ్చే ఇనుప తీగ పాత చెక్క దగ్గరే ఆగిపోయింది. దాన్ని కొత్త డీబీ దాకా పొడిగించాలని ఎవరికీ గుర్తు రాలేదు.

అసలు ఎర్త్ లేని ఇంటికంటే ఇది ప్రమాదం. విడివిడిగా ఉంటే ఫ్రిజ్‌లో లోపం వస్తే ఫ్రిజ్ ఒక్కటే షాక్ కొడుతుంది. ఇక్కడ అన్ని పరికరాల రేకులూ ఆకుపచ్చ వైరుతో ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. వంటింట్లో ఫ్రిజ్ లోపల ఫేజు బాడీకి తగిలితే, బాత్రూములో ఏ లోపమూ లేని కొత్త గీజరు బాడీ మీదికీ అదే 230 వోల్టులు వస్తాయి. తడి ఒంటితో షవర్ తిప్పేవాడికి ఫ్రిజ్ మీద అనుమానం వస్తుందా?

పాత చెక్క నుంచి కొత్త రాగి ఎర్త్ వైరు డీబీ దాకా లాగి, గుత్తి విప్పి ఎర్త్ బార్‌కు ఒక్కో వైరూ విడిగా బిగించాక మళ్లీ కొలిచాడు. ఎరుపు-నలుపు 231, ఎరుపు-ఆకుపచ్చ 230, నలుపు-ఆకుపచ్చ 1. మాస్టారి మొహం విప్పారింది. కుర్రాడికి ఇంకా సందేహం తీరలేదు. ఎరుపు-ఆకుపచ్చ మధ్య బల్బు పెట్టాడు. బాగానే వెలిగింది. వెలుగుతుండగానే అదే రెండు వైర్ల మధ్య మీటరు పెడితే 230 కాస్తా 206కు పడిపోయింది.

లెక్కల మాస్టారు కాబట్టి ఇక్కడ ఆయనే చొరవ తీసుకున్నారు. 60 వాట్ల బల్బు పావు ఆంపియరు పైచిలుకు తీసుకుంటుంది. 24 వోల్టులు దారిలో పోయాయంటే ఆ దారికి సుమారు వంద ఓముల అడ్డు ఉంది. ఇక గీజరు లోపల ఫేజు బాడీకి తగిలిందనుకుందాం. 230ని వందతో భాగిస్తే 2.3 ఆంపియర్లు. గీజరుకు పెట్టిన ఎంసీబీ 20 ఆంపియర్లది. రెండున్నర కూడా లేని కరెంటుకు అది కదలదు. గీజరు బాడీ షాక్ కొడుతూనే ఉంటుంది, ఎంసీబీ మాత్రం అది కూడా ఒక లోడ్ అనుకుని ఊరుకుంటుంది.

గొయ్యి చూడబోతే దాని మీద పార్కింగ్ టైల్స్ పరిచి ఉన్నాయి. ఉప్పు, బొగ్గు వేసి పాతిన గొయ్యికి నీళ్లు పడక ఏళ్లయింది. ఎండిన మట్టి కరెంటును తీసుకోదు. టైల్స్ తీయించి గొయ్యి బాగుచేయించడమో కొత్తది పెట్టించడమో తప్పదని తేలింది. ఈలోగా డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమన్నాడు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది నిత్యం పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కనురెప్పపాటులో లైను తెంచేస్తుంది. ఎర్త్ దారిలో వంద ఓములున్నా 2.3 ఆంపియర్ల తేడా దానికి చాలా ఎక్కువ.

అన్నిటికంటే మంచి సాకెట్టు

ఆర్‌సీసీబీ పెట్టాక ఇల్లంతా ఒకసారి చూద్దామని మేడెక్కాం. ఆ గది పదేళ్ల కిందట వేసుకున్నది. గోడకున్న సాకెట్టులో మీటరు పెడితే ఎరుపు-నలుపు 229, ఎరుపు-ఆకుపచ్చ 229, నలుపు-ఆకుపచ్చ 0.0. బల్బు పెడితే ధగధగా వెలిగింది, మీటరులో అంకె కూడా పడిపోలేదు. కింద గదులకంటే ఇక్కడే ఎర్త్ బ్రహ్మాండంగా ఉందే అనుకున్నాను.

"ఇంత బాగుండకూడదు సార్" అన్నాడు కుర్రాడు.

అతని అనుమానం రెండు చోట్ల. ఒకటి, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు వెలిగితే కింద పెట్టిన ఆర్‌సీసీబీ ఠక్కున పడిపోవాలి. బల్బుకు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి, అవి న్యూట్రల్‌లో తిరిగి రాకూడదు. అయినా ఆర్‌సీసీబీ కదల్లేదు. అంటే ఆ కరెంటు భూమిలోకి పోలేదు, ఏదో దారిన న్యూట్రల్‌లోకే వచ్చింది. రెండోది సరిచూడటానికి ఇస్త్రీ పెట్టె తెప్పించి అదే సర్క్యూట్‌లో వేశాడు. వెయ్యి వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్లకు పైన తీసుకుంటుంది. పాతిక మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల న్యూట్రల్ వైరులో ఆ కరెంటుకు ఒక వోల్టు పైచిలుకు పోవాలి. అప్పుడు నలుపుకూ అసలైన ఎర్త్‌కూ మధ్య ఆ ఒక వోల్టు పైచిలుకు కనపడాలి. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతున్నా మీటరు 0.0 దగ్గరే బిగుసుకుపోయింది.

మెయిన్ ఆపి సాకెట్టు విప్పాడు. పైపులోంచి వస్తున్నవి రెండే వైర్లు, ఎరుపూ నలుపూ. ఎర్త్ పిన్నుకున్న ఆకుపచ్చ వైరు పొడవు బెత్తెడు కూడా లేదు. దాని రెండో కొస పక్కనే ఉన్న నల్ల వైరు మరకే బిగించి ఉంది. మేడ మీదికి ఎర్త్ వైరు లాగలేదు. వాషింగ్ మెషిన్ పెట్టడానికి వచ్చినవాళ్లు ఎర్త్ ఉందో లేదో చూస్తారు కాబట్టి, ఎవరో ఈ ముక్క కలిపి వాళ్ల మీటరును సంతోషపెట్టారు.

ఇలాంటి సాకెట్టులో పెట్టిన వాషింగ్ మెషిన్ మామూలుగా ఏమీ చేయదు. డీబీ నుంచి మేడకు పోయే నల్ల వైరు ఎక్కడైనా వదులైన రోజున, లేదా పైపులో తెగిన రోజున బయటపడుతుంది. మెషిన్ స్విచ్ వేయగానే ఫేజు మోటారు గుండా నల్ల వైరులోకి వస్తుంది, వెనక్కు పోలేక ఆ బెత్తెడు ఆకుపచ్చ ముక్క గుండా నేరుగా మెషిన్ రేకు మీదికి ఎక్కుతుంది. పరికరంలో ఏ లోపమూ అక్కర్లేదు. ఫ్యూజు పోదు, ఎంసీబీ పడదు. తడి చేత్తో మూత తీసినవాడిలోంచి భూమిలోకి పోతేనే ఆర్‌సీసీబీకి తెలుస్తుంది. అది కూడా లేని ఇంట్లో ఇక చెప్పేదేముంది. ఎర్త్ లేకపోతే లేదని వదిలేయడం కంటే ఇలా కలపడం నా దృష్టిలో పెద్ద నేరం. ఆ కుర్రాడు ఆ ముక్క కత్తిరించి, ఎర్త్ వైరు లాగేదాకా ఈ సాకెట్టులో రెండు పిన్నుల చార్జరు తప్ప ఏదీ పెట్టొద్దని మాస్టారికి గట్టిగా చెప్పాడు. కొత్త వైరు లాగే పని ఆదివారానికి పెట్టుకున్నారు.

మెయిన్ ఆపినా...

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ కథనం అసంపూర్ణం. మాస్టారింట్లో ఇన్వర్టర్ లేదు. కానీ మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో అది ఉంటుంది. మెయిన్ ఆపేశాం కాబట్టి వైర్లలో కరెంటు లేదనుకోవడం అలాంటి ఇంట్లో చెల్లదు. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్‌కు కరెంటు పోయిందనే తెలుస్తుంది. అది వెంటనే తన బ్యాటరీ నుంచి హాలు, పడకగది లైట్లకూ ఫ్యాన్లకూ 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. ఒకే స్విచ్‌బోర్డులో పక్కపక్కనే ఉన్న రెండు ఎర్ర వైర్లలో ఒకటి మెయిన్‌ది, రెండోది ఇన్వర్టర్‌ది కావచ్చు. మెయిన్ ఆపితే మొదటిది చచ్చింది, రెండోది బతికే ఉంది. రెండింటి రంగూ ఒకటే. బోర్డు విప్పే ముందు ఇన్వర్టర్ బటన్ ఆపి, దాని నుంచి ఇంట్లోకి పోయే లైను కూడా తీసేయించాలి.

ఆ తర్వాతైనా చేయి పెట్టే ముందు ఎలక్ట్రీషియన్లు పాటించాల్సిన వరస ఒకటుంది. కరెంటు ఖాయంగా ఉన్నచోట మీటరు పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి. తర్వాత ఆపిన వైర్ల మధ్య చూడాలి. ఎరుపు-నలుపు మధ్య సున్నా వస్తే చాలదు, మూడు జంటలూ చూడాలి. తర్వాత మళ్లీ కరెంటు ఉన్నచోటికి వెళ్లి మీటరు ఇంకా పనిచేస్తోందో లేదో చూడాలి. మధ్యలో బ్యాటరీ అయిపోయిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది మరి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. ప్లాస్టరింగ్ అయ్యాక వైరు లాగే రోజున అక్కడ ఉండండి. ఏ గదికి ఏ రంగు లాగారో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రంగు తప్పక మారాల్సి వస్తే, ఆ వైరు రెండు కొసలకూ అసలు రంగు టేపు చుట్టమనండి. ఇన్సులేషన్ టేపు అన్ని రంగుల్లోనూ దొరుకుతుంది. ఎర్త్‌కు తప్ప వేరే పనికి ఆకుపచ్చ వైరు వాడితే మాత్రం ఒప్పుకోకండి.

ఇప్పటికే ఉన్న ఇంట్లో ఉంటున్నవాళ్లు స్విచ్‌బోర్డు విప్పక్కర్లేదు. ఇవాళ డీబీ మూత తెరిచి, ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ‘టి’ అన్న బటన్ నొక్కండి. ఠక్కున పడిపోవాలి. పడకపోయినా, అసలు అలాంటిదే కనపడకపోయినా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు. అది ఆర్‌సీసీబీ సంగతే చెబుతుంది. కాబట్టి వచ్చినాయన చేత గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ సాకెట్ల దగ్గర మూడేసి కొలతలు తీయించి, కాగితం మీద రాయించుకుని డీబీ మూత లోపల అంటించండి.